ఎనభై నానోగ్రాములు, పది మిల్లీగ్రాములు, ముప్పై కిలోలు: మూడింటి యాక్టివిటీ ఒక్కటే
(రేడియోధార్మికత లెక్కలు కొత్తగా నేర్చుకుంటున్న విద్యార్థుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు మీకో ప్రశ్న. నా ముందు మూడు పాత్రలున్నాయనుకోండి. ఒకదాంట్లో అయోడిన్-131, రెండోదాంట్లో రేడియం-226, మూడోదాంట్లో యురేనియం-238. మూడింటి మీదా ఒకే అంకె రాసి ఉంది: 370 మెగాబెక్వెరెల్. అంటే ఏ పాత్ర తీసుకున్నా అందులో సెకనుకు 37 కోట్ల పరమాణువులు విఘటనం చెందుతున్నాయి. మరి ఏ పాత్రలో సరుకు ఎక్కువుంది?

"మూడూ సమానమే" అని కొందరంటున్నారు. వెనక ఎవరో "యురేనియం" అన్నారు. సరే, ఎంత ఎక్కువ? రెండింతలా? వందింతలా?

అయోడిన్ పాత్రలో ఉన్నది సుమారు 80 నానోగ్రాములు. కంటికి కనిపించదు, మామూలు త్రాసులో తూగదు. రేడియం 10 మిల్లీగ్రాములు, చిటికెలో పట్టేంత. యురేనియం మాత్రం దాదాపు 30 కిలోలు. లోహంగా పోత పోస్తే ప్రతి అంచూ పదకొండు పన్నెండు సెంటీమీటర్లుండే దిమ్మ అవుతుంది, ఎత్తాలంటే నడుం పట్టేస్తుంది. ఇంత తేడా ఉన్నా మూడింటి మీదా ఉన్న అంకె ఒక్కటే. ఈ మూడు బరువులూ ఎలా వచ్చాయో మీ చేతే లెక్క కట్టించాలని వచ్చాను.

మనకు కావలసినవి మూడు రాశులు. మొదటిది ద్రవ్యరాశి, గ్రాముల్లో. రెండోది పరమాణువుల సంఖ్య. మూడోది యాక్టివిటీ, అంటే సెకనుకు ఎన్ని పరమాణువులు విఘటనం చెందుతున్నాయన్నది. సెకనుకు ఒకటైతే ఒక బెక్వెరెల్. ఇక్కడ చాలామంది గ్రాముల నుంచి నేరుగా బెక్వెరెల్‌కి దూకాలని చూస్తారు. అలా దూకడానికి దారి లేదు. మధ్యలో పరమాణువుల సంఖ్య అనే గది ఉంది. ఇటు నుంచి అటు వెళ్లినా, అటు నుంచి ఇటు వచ్చినా ఆ గదిలోంచే పోవాలి.

గ్రాముల నుంచి పరమాణువులకు వెళ్లే తలుపు మీకు తెలిసిందే, కెమిస్ట్రీలో చూసిన మోల్ లెక్క. అయోడిన్-131 అయితే 131 గ్రాముల్లో 6.022 × 10²³ పరమాణువులుంటాయి. కచ్చితమైన పరమాణు ద్రవ్యరాశి 131కి పిసరంత తేడాగా ఉంటుంది కానీ మన లెక్కకు ద్రవ్యరాశి సంఖ్యే చాలు.

N = m × NA / M

ఇక్కడ N పరమాణువుల సంఖ్య, m గ్రాముల్లో ద్రవ్యరాశి, NA ఇందాకటి 6.022 × 10²³, M ద్రవ్యరాశి సంఖ్య. దీని మీద ఇంతకంటే చెప్పేదేమీ లేదు. రెండో తలుపు దగ్గరే కాసేపు ఆగాలి.

A = λ × N

A అంటే యాక్టివిటీ. ఈ λ ని పుస్తకాల్లో క్షయ స్థిరాంకం అంటారు. పేరు బరువుగా ఉంటుంది కానీ అర్థం తేలిక. ఒక పరమాణువు రాబోయే ఒక్క సెకనులో విఘటనం చెందే అవకాశం ఎంత? ఆ అవకాశమే λ. పరమాణువుకు వయసుతో పని లేదు. నిన్న పుట్టినదైనా, పదిరోజుల కిందట పుట్టినదైనా ఈ సెకనులో పోయే అవకాశం రెండింటికీ ఒకటే. అందుకే మొత్తం పరమాణువుల సంఖ్యను ఆ అవకాశంతో గుణిస్తే ఈ సెకనులో పోయేవి ఎన్నో వస్తుంది. మీరు రోజూ చేసే లెక్కే ఇది. వెయ్యి మందిలో నూటికి ఇద్దరు చొప్పున అంటే ఇరవై మంది అంటాం కదా, అదే.

పట్టికల్లో λ ఉండదు, అర్ధజీవిత కాలం, అంటే సరుకు సగమవ్వడానికి పట్టే కాలం T½ ఉంటుంది. దాని నుంచి λ ఇలా తెచ్చుకుంటాం.

λ = 0.693 / T½

ఈ 0.693 ఎక్కడిదని మీలో ఒకరైనా అడగాలి. అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. మొదటి సెకనులో ఉన్న వేగంతోనే విఘటనం చివరిదాకా సాగుతుందనుకోండి. అప్పుడు మొత్తం సరుకు 1/λ సెకన్లలో ఖాళీ అయిపోవాలి. కానీ పరమాణువులు తగ్గేకొద్దీ సెకనుకు పోయేవీ తగ్గుతాయి, వేగం మందగిస్తూ వస్తుంది. ఆ మందగింపును లెక్కలోకి తీసుకుంటే, సగం సరుకు అయిపోవడానికి 1/λ లో 0.693 వంతు సమయం పడుతుంది. 2 కి సహజ సంవర్గమానం కడితే వచ్చే అంకె అదే. ఈ 1/λ ని సగటు జీవితకాలం అంటారు, అర్ధజీవిత కాలానికి 1.44 రెట్లు. దీన్ని ఓ మూల రాసి ఉంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇక అయోడిన్ పాత్ర తీద్దాం. అయోడిన్-131 అర్ధజీవిత కాలం 8.02 రోజులు. బెక్వెరెల్ అంటేనే సెకనుకు అని కాబట్టి ముందు రోజుల్ని సెకన్లలోకి మార్చాలి. రోజుకు 86,400 సెకన్లు. గుణిస్తే 6.93 × 10⁵ సెకన్లు. ఇప్పుడు 0.693 ని దీనితో భాగించండి.

λ = 0.693 / (6.93 × 10⁵) = 1.0 × 10⁻⁶

ఎంత ముచ్చటైన అంకె వచ్చిందో చూశారా! అయోడిన్-131 లో సెకనుకు పది లక్షల పరమాణువుల్లో ఒకటి పోతుంది. నేను ఉదాహరణకు అయోడిన్‌నే ఎంచుకోవడానికి కారణం ఇదే. క్యాలిక్యులేటర్ లేకుండా కూడా లెక్క నడుస్తుంది.

సెకనుకు పది లక్షల్లో ఒకటి చొప్పున పోతూ మొత్తం 37 కోట్లు పోతున్నాయంటే ఎన్ని పరమాణువులుండాలి? 37 కోట్లకు పది లక్షల రెట్లు.

N = 3.7 × 10⁸ / 10⁻⁶ = 3.7 × 10¹⁴

ఇది మధ్య గది. ఇప్పుడు మోల్ తలుపు తెరిచి గ్రాముల వైపు వెళ్దాం.

m = 3.7 × 10¹⁴ × 131 / (6.022 × 10²³) = 8.0 × 10⁻⁸ గ్రాములు

అంటే 80 నానోగ్రాములు. అరమిల్లీమీటరు కూడా లేని చిన్న ఉప్పు రేణువు పదుల మైక్రోగ్రాములు తూగుతుంది. ఆ రేణువును కొన్ని వందల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత అయోడిన్ ఇది. అయినా పరమాణువులు లెక్కపెడితే 37 వేల కోట్ల కోట్లు కాదు, ఆగండి... 10¹⁴ అంటే కోటి కోట్లు కదా, 3.7 కోట్ల కోట్లు. (నవ్వులు) చూశారా, నోటితో చెప్పబోతే నేనే తడబడ్డాను. అందుకే ఈ లెక్కల్లో పది ఘాతాల్లోనే రాసుకోండి, కోట్లలోకి దిగకండి.

ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పాలి. విద్యార్థిగా ఉన్నప్పుడు ఇదే లెక్కను పరీక్షలో చేశాను. తొందరలో 8.02 రోజుల్ని సెకన్లలోకి మార్చడం మరిచిపోయి 0.693 ని నేరుగా 8.02 తో భాగించాను. λ 0.0864 వచ్చింది. దాంతో 3.7 × 10⁸ ని భాగిస్తే పరమాణువులు 4.3 × 10⁹ వచ్చాయి. అంకె పెద్దదిగానే కనిపించింది, అనుమానం రాలేదు. రాసి ఇచ్చేశాను. పేపరు దిద్దిన మాస్టారు దానికి ఎర్ర గీత కూడా పెట్టలేదు, పక్కన ఒక్క ప్రశ్న రాశారు: "ఇవి ఎంతసేపు నిలుస్తాయి?"

మీరూ ఆ ప్రశ్న వేసుకోండి. 4.3 × 10⁹ పరమాణువులున్నాయి, సెకనుకు 3.7 × 10⁸ పోతున్నాయి. భాగిస్తే సుమారు 11.6. అంటే ఆ వేగంతో పన్నెండు సెకన్లలోపే పాత్ర ఖాళీ! ఎనిమిది రోజులకు గానీ సగమవ్వని పదార్థం పన్నెండు సెకన్లలో ఎలా అయిపోతుంది? సరైన జవాబుతో చేయండి. 3.7 × 10¹⁴ ని 3.7 × 10⁸ తో భాగిస్తే పది లక్షల సెకన్లు, అంటే 11.6 రోజులు. 8.02 కి 1.44 రెట్లు. ఇందాక మూల రాసుకోమన్న సగటు జీవితకాలమే ఇది.

కాబట్టి ఎప్పుడైనా N, A రెండూ చేతికి రాగానే N ని A తో భాగించి చూడండి. వచ్చిన సెకన్లు అర్ధజీవిత కాలానికి ఒకటిన్నర రెట్లకు కాస్త తక్కువగా ఉండాలి. లేకపోతే ఎక్కడో కాలం యూనిట్ తప్పింది. నా తప్పులో 11.6 అనే అంకె సరిగ్గానే వచ్చింది, కాకపోతే రోజులు కావాల్సింది సెకన్లయింది. తప్పు సరిగ్గా 86,400 రెట్లు. ఏళ్లలో ఉన్న అర్ధజీవిత కాలాన్ని మార్చకపోతే మూడు కోట్ల రెట్లకు పైనే తప్పుతారు, ఎందుకంటే ఏడాదికి 3.156 × 10⁷ సెకన్లు.

ఇప్పుడు స్పెసిఫిక్ యాక్టివిటీ. తెలుగు పుస్తకాల్లో విశిష్ట క్రియాశీలత అని కనిపించవచ్చు. గ్రాముకు ఎన్ని బెక్వెరెల్ అన్నదే అది. ప్రతిసారీ మధ్య గదిలోకి వెళ్లి రాకుండా, ఒకే ఒక్కసారి ఒక గ్రాముకు లెక్క కట్టి పెట్టుకుంటే సరిపోతుంది. m స్థానంలో 1 పెట్టండి.

a = λ × NA / M

అయోడిన్-131 కి 10⁻⁶ ని 6.022 × 10²³ తో గుణించి 131 తో భాగిస్తే గ్రాముకు 4.6 × 10¹⁵ బెక్వెరెల్. ఇక ఏ పాత్ర వచ్చినా యాక్టివిటీని దీంతో భాగించడమే, బరువు వచ్చేస్తుంది. 3.7 × 10⁸ ని 4.6 × 10¹⁵ తో భాగించి చూడండి, అవే 80 నానోగ్రాములు.

λ బదులు 0.693 / T½ పెట్టి, మారని అంకెలన్నీ ఒకచోట చేరిస్తే ఇంకా తేలికవుతుంది.

a = 4.17 × 10²³ / (T½ × M)

T½ ఇక్కడ సెకన్లలో. ఏళ్లలో ఉన్న ఐసోటోప్‌లకు నేను 1.32 × 10¹⁶ / (T½ × M) అని రాసుకుంటాను. మీరు మాత్రం మొదట్లో సెకన్లతోనే చేయండి. రెండు సూత్రాలు బుర్రలో కలిసిపోతే ఇందాకటి నా కథే పునరావృతం.

ఈ సూత్రంలో కింద ఉన్న రెండు అంకెల్నీ చూడండి. ద్రవ్యరాశి సంఖ్య ఐసోటోప్ నుంచి ఐసోటోప్‌కి పెద్దగా మారదు. అయోడిన్ 131, యురేనియం 238. రెండింతలు కూడా లేదు. అర్ధజీవిత కాలం మాత్రం 8 రోజుల నుంచి 447 కోట్ల ఏళ్లకు వెళ్లింది. రెండు లక్షల కోట్ల రెట్లో, ఇరవై వేల కోట్ల రెట్లో మీరే చూసుకోండి, నేను మళ్లీ కోట్ల జోలికి పోను. 2 × 10¹¹ రెట్లు. అంటే స్పెసిఫిక్ యాక్టివిటీని నడిపించేది దాదాపు పూర్తిగా అర్ధజీవిత కాలమే. నిదానంగా పోయే పరమాణువులతో సెకనుకు 37 కోట్లు తేవాలంటే రాశులు పోయాల్సిందే.

యురేనియం-238 కి వేయండి: 1.32 × 10¹⁶ ని 4.47 × 10⁹ తోనూ, 238 తోనూ భాగిస్తే గ్రాముకు 12,400 బెక్వెరెల్. 3.7 × 10⁸ ని దీంతో భాగిస్తే 30,000 గ్రాములకు కాస్త తక్కువ. అవే మన ముప్పై కిలోలు.

రేడియం-226 కథ వేరు. అర్ధజీవిత కాలం 1600 ఏళ్లు. లెక్క కడితే గ్రాముకు 3.66 × 10¹⁰ బెక్వెరెల్. ఈ అంకె ఎక్కడో విన్నట్టు లేదూ? పాత యూనిట్ క్యూరీ విలువ 3.7 × 10¹⁰. ఆ యూనిట్‌ను మొదట్లో గ్రాము రేడియంతో ముడిపెట్టే పెట్టుకున్నారు. తర్వాత కొలతలు మెరుగుపడ్డాయి. కొలత మారినప్పుడల్లా యూనిట్ మారితే కష్టం కాబట్టి క్యూరీని 3.7 × 10¹⁰ దగ్గరే ఖాయం చేశారు. 1975 లో అంతర్జాతీయ ప్రమాణాల్లోకి బెక్వెరెల్ వచ్చింది. గ్రాము రేడియం కచ్చితంగా ఒక క్యూరీ కాకుండా 0.99 క్యూరీ దగ్గర ఆగడానికి కారణం క్యూరీని అలా ఖాయం చేయడమే. మన 370 మెగాబెక్వెరెల్ అంటే పాత లెక్కలో 10 మిల్లీక్యూరీలు, అందుకే పాత్రలో 10 మిల్లీగ్రాముల రేడియం ఉంది.

ఇంతవరకూ "శుద్ధమైన ఐసోటోప్" అనే మాట మీద నడిచాం. ఆ మాట ఎంత బరువు మోస్తోందో ఇప్పుడు చూపిస్తాను. ఈ సూత్రం ఇచ్చేది గరిష్ఠ హద్దు. గ్రాములో ప్రతి పరమాణువూ ఆ ఐసోటోప్‌దే అయినప్పుడు వచ్చే విలువ అది. కోబాల్ట్-60 తీసుకోండి, అర్ధజీవిత కాలం 5.27 ఏళ్లు. సూత్రం ప్రకారం గ్రాముకు 4.2 × 10¹³ బెక్వెరెల్, అంటే 42 టెరాబెక్వెరెల్. కానీ దీన్ని తయారు చేసేది మామూలు కోబాల్ట్-59 ని రియాక్టర్‌లో న్యూట్రాన్ల ముందు పెట్టి. అందులో కొంతే కోబాల్ట్-60 గా మారుతుంది, మిగతాది మామూలు కోబాల్ట్‌గానే ఉండిపోతుంది. రెండింటికీ రసాయన గుణాలు ఒకటే కాబట్టి తర్వాత వేరుచేయడం కుదరదు. కాబట్టి ఒక గ్రాము బిళ్లను కొలిస్తే 10 టెరాబెక్వెరెల్ వచ్చిందనుకోండి, లెక్క తప్పలేదు. 10 ని 42 తో భాగిస్తే 0.24. ఆ బిళ్లలో నూటికి 24 పాళ్లే కోబాల్ట్-60 అన్నమాట. సూత్రం ఇప్పుడు శుద్ధత కొలిచే పనిముట్టుగా మారింది.

సమ్మేళనం విషయంలోనూ ఇదే. మన అయోడిన్ సోడియం అయోడైడ్ రూపంలో ఉంటే, 131 గ్రాముల అయోడిన్‌కు 23 గ్రాముల సోడియం తోడవుతుంది. 80 నానోగ్రాముల అయోడిన్ కాస్తా 94 నానోగ్రాముల సోడియం అయోడైడ్ అవుతుంది. గ్రాముకు అన్నప్పుడు దేని గ్రాము అని అడగడం మరవకండి.

మరి కొలిచిన విలువ హద్దు కంటే తక్కువ కాకుండా ఎక్కువొస్తే? ఇది ఆసక్తికరమైన సందర్భం. యురేనియం-238 ని శుద్ధి చేసి పక్కన పెట్టండి. కొన్ని నెలల తర్వాత విఘటనాలన్నీ లెక్కపెడితే గ్రాముకు 12,400 కాదు, దానికి దాదాపు మూడు రెట్లొస్తాయి. సూత్రం తప్పు కాదు. యురేనియం-238 విఘటనం చెంది థోరియం-234 అవుతుంది, దాని అర్ధజీవిత కాలం 24 రోజులే. అది ప్రొటాక్టినియం-234 అవుతుంది, అది ఇంకా త్వరగా పోతుంది. నెలలు గడిచేసరికి యురేనియం ఒకటి పోయిన ప్రతిసారీ ఈ రెండూ ఒక్కొక్కటి పోతుంటాయి. మీ డబ్బాలో శుద్ధమైన యురేనియం-238 లేదు, దాని పిల్లలు కూడా చేరారు.

సమయం అయిపోవచ్చింది, ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని) "సార్, ఎనిమిది రోజుల తర్వాత అయోడిన్ యాక్టివిటీ సగమవుతుంది కదా. అప్పుడు స్పెసిఫిక్ యాక్టివిటీ కూడా సగమవుతుందా?"

మంచి చోట పట్టుకున్నావమ్మా. శుద్ధమైన అయోడిన్-131 అయితే సగం కాదు. యాక్టివిటీ 185 మెగాబెక్వెరెల్‌కి దిగింది, నిజమే. కానీ అయోడిన్ కూడా 40 నానోగ్రాములే మిగిలింది, మిగతా సగం జీనాన్ వాయువుగా మారిపోయింది. పైనా కిందా సగమైతే భాగఫలం మారదు, గ్రాము అయోడిన్-131 కి ఎప్పటికీ 4.6 × 10¹⁵. సూత్రంలో కాలం ఎంత గడిచిందన్న రాశి లేకపోవడం గమనించారా?

ఇప్పుడు అదే పాత్రలో ఒక మైక్రోగ్రాము మామూలు అయోడిన్-127 కలిసి ఉందనుకో. అది ఎక్కడికీ పోదు. మొదటి రోజు మొత్తం అయోడిన్ 1.08 మైక్రోగ్రాములు, గ్రాముకు 3.4 × 10¹⁴ బెక్వెరెల్. ఎనిమిది రోజులకు మొత్తం 1.04 మైక్రోగ్రాములు, యాక్టివిటీ సగం, గ్రాముకు 1.8 × 10¹⁴. ఇక్కడ నువ్వన్నట్టు దాదాపు సగమైంది. అందుకే అలాంటి సీసా మీద స్పెసిఫిక్ యాక్టివిటీ రాసేటప్పుడు పక్కన తేదీ, గంట కూడా రాస్తారు.